రెండులో ఎంత పది ఉంది?

2³ = 8 అని రాస్తే నీకేమీ భయం వెయ్యదు. log₂ 8 = 3 అని రాస్తే మాత్రం గుండె ఝల్లుమంటుంది. తీరా చూస్తే రెండు చోట్లా ఉన్నవి అవే మూడు అంకెలు: రెండు, మూడు, ఎనిమిది. రెండూ చెబుతున్నదీ ఒకటే సంగతి, మూడు రెండ్లను గుణిస్తే ఎనిమిది వస్తుందని. కూర్చున్న చోట్లు మారాయి, మధ్యలో మూడు ఇంగ్లీషు అక్షరాలు వచ్చి చేరాయి, అంతే తేడా. కాబట్టి ముందు ఆ చోట్ల మార్పు ఎందుకు అవసరమైందో చూద్దాం. సూత్రాల సంగతి తర్వాత.

కూడికతో మొదలుపెడతాను. 5 + 3 = 8. ఇందులో 5ని వేలితో మూసేస్తే దాన్ని ఎలా పట్టుకుంటావు? 8 లోంచి 3 తీసేస్తావు. 3ని మూస్తే? 8 లోంచి 5 తీసేస్తావు. ఏది దాచినా తీసివేతతోనే దొరుకుతుంది. గుణకారమూ అంతే. 5 × 3 = 15లో ఏ అంకె దాచినా భాగహారం చాలు. ఒక్కో పనికి ఒక్కో తిరుగు పని ఉంటే సరిపోయింది. కారణం నీకు తెలిసిందే: 5 + 3 అన్నా 3 + 5 అన్నా ఒకటే, 5 × 3 అన్నా 3 × 5 అన్నా ఒకటే. రెండు సంఖ్యలకూ అక్కడ సమానమైన హోదా ఉంది.

ఘాతం దగ్గర ఈ సమానత్వం పోతుంది. 2⁵ అంటే ఐదు రెండ్ల లబ్ధం, 32. 5² అంటే రెండు ఐదుల లబ్ధం, 25. చోట్లు మారిస్తే విలువ మారింది. కింద కూర్చున్న సంఖ్య చేసే పని వేరు, పైన కూర్చున్న సంఖ్య చేసే పని వేరు. కిందిది ఆధారం, పైది ఘాతాంకం. అందుకే ఇక్కడ దాచిపెట్టే ఆటలో రెండు వేర్వేరు ప్రశ్నలు పుడతాయి. 2⁵ = 32లో ఆధారాన్ని దాచావనుకో: ఏ సంఖ్యను ఐదుసార్లు వేసి గుణిస్తే 32 అవుతుంది? దీనికి జవాబు చెప్పేది మూలం, అంటే వర్గమూలం, ఘనమూలం, ఐదో మూలం వగైరా. ఘాతాంకాన్ని దాచావనుకో: ఎన్ని రెండ్లను గుణిస్తే 32 అవుతుంది? దీనికి జవాబు చెప్పేదే లాగరిథమ్. మన పుస్తకాల్లో సంవర్గమానం అంటారు, క్లాసులో అందరూ లాగ్ అనేస్తారు. నేనూ అలాగే అంటాను.

అంటే ఘాతానికి తిరుగు పనులు రెండు. వర్గమూలం ఎనిమిదో తరగతికే పరిచయమైపోయింది, దానితో నీకు పేచీ లేదు. రెండోది ఆలస్యంగా, సూత్రాల మూటతో సహా వచ్చింది. భయానికి సగం కారణం ఆ రాకే.

ఇక చదవడం నేర్చుకుందాం. log₂ 8 కనబడితే "లాగ్ ఎనిమిది టు ది బేస్ టూ" అని గొణుక్కోకు. "ఎన్ని రెండ్లను గుణిస్తే ఎనిమిది?" అని చదువు. log₃ 81 అంటే ఎన్ని మూళ్ళను గుణిస్తే 81? నాలుగు. log₅ 125? మూడు. log₁₀ 1000? సున్నాలు లెక్కపెట్టు, మూడు. log₂ 1? ఒక్క రెండు కూడా వెయ్యకపోతేనే ఒకటి మిగులుతుంది, 2⁰ = 1, కాబట్టి సున్నా. log₂ (1/8)? మూడు రెండ్లతో భాగించాలి, కాబట్టి −3. log₂ 0 అని ఎవరైనా అడిగితే జవాబు లేదని ధైర్యంగా చెప్పు. రెండ్లను ఎన్నింటిని గుణించినా సున్నా రాదు, ఎన్నింటితో భాగించినా చిన్నదవుతుంది గానీ సున్నా కాదు. రుణసంఖ్యలకూ అదే గతి. ఆధారంగా 1ని ఎందుకు ఒప్పుకోరో కూడా ఇక నీకే తెలుస్తుంది: ఎన్ని ఒకట్లను గుణించినా ఒకటే.

ఈ "ఎన్ని రెండ్లు?" అనే ప్రశ్న మన దేశంలో చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో వీరసేనుడనే జైన ఆచార్యుడు ధవళ అనే పెద్ద వ్యాఖ్య రాశాడు. అందులో అర్ధచ్ఛేదం అనే మాట వస్తుంది. ఒక సంఖ్యను ఎన్నిసార్లు సగం చేస్తే ఒకటికి దిగుతుందో అది దాని అర్ధచ్ఛేదం. 32ని తీసుకో: 16, 8, 4, 2, 1. ఐదుసార్లు సగం చేశాం, కాబట్టి 32కి అర్ధచ్ఛేదం ఐదు. మనం log₂ 32 = 5 అంటున్నది అచ్చంగా ఇదే. సగానికి బదులు మూడో వంతు చేస్తూ పోతే త్రికచ్ఛేదం, నాలుగో వంతు చేస్తూ పోతే చతుర్థచ్ఛేదం. అంటే ఆధారం మార్చుకోవచ్చన్న సంగతీ ఆయనకు తెలుసు.

అయితే 20ని సగం చేసి చూడు. 10, 5, 2.5, 1.25. నాలుగుసార్లయింది, ఇంకా ఒకటికి రాలేదు. ఇంకోసారి సగం చేస్తే 0.625, ఒకటిని దాటి కిందికి పోయాం. కాబట్టి log₂ 20 నాలుగు కంటే ఎక్కువ, ఐదు కంటే తక్కువ. నాలుగుంపావా? నాలుగున్నరా? అసలు నాలుగున్నర రెండ్లను గుణించడమంటే ఏమిటి? పిల్లలు నిజంగా తడబడేది ఇక్కడే. పుస్తకంలో log₁₀ 2 = 0.3010 అని చూడగానే, పదిని 0.3010 సార్లు ఎలా గుణిస్తారు అన్న అనుమానం వస్తుంది. అడిగితే నవ్వుతారేమోనని అడగరు. అది చాలా న్యాయమైన అనుమానం. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఆ ఒక్క సంఖ్య గురించే. 0.3010 ఎక్కడి నుంచి వచ్చిందో నీ చేత్తో నువ్వే తేల్చుకోగలవు.

ముందు పది ఆధారంగా ఉన్న లాగ్‌ను కాస్త చూడు. 10³ = 1000, దానికి నాలుగు అంకెలు. 10⁴ = 10000, ఐదు అంకెలు. 1000కీ 9999కీ మధ్య ఏ సంఖ్యకైనా అంకెలు నాలుగే, దాని లాగ్ మూడుకీ నాలుగుకీ మధ్య ఉంటుంది. అంటే ఒక పూర్ణసంఖ్య లాగ్‌లో దశాంశ బిందువుకి ముందున్న భాగం, దాని అంకెల సంఖ్య కంటే ఒకటి తక్కువ. 4725కి లాగ్ మూడు పాయింట్ ఎంతో. 86కి ఒకటి పాయింట్ ఎంతో. టేబుల్ చూడకుండానే సగం జవాబు చెప్పేశావు. లాగ్ టేబుళ్ళు వాడేవాళ్ళు ఈ ముందు భాగాన్ని లాక్షణికం అంటారు, వెనక భాగాన్ని మాంటిస్సా అంటారు. ఒక సంఖ్య ఎంత పొడుగుందో లాక్షణికం చెబుతుంది. ఆ పొడుగులో అది చిన్న సంఖ్యో పెద్ద సంఖ్యో మాంటిస్సా చెబుతుంది.

ఇప్పుడు రెండు దగ్గరకు వద్దాం. రెండుని ఒక్కదాన్నే చూస్తే అది పదిలో ఎంతో తేలదు. పది రెండ్లను గుణించి చూడు: 2, 4, 8, 16, 32, 64, 128, 256, 512, 1024. 1024 అంటే ఇంచుమించు వెయ్యి. వెయ్యి అంటే మూడు పదుల లబ్ధం. కాబట్టి పది రెండ్లు కలిసి చేసిన పని మూడు పదులు కలిసి చేసిన పనికి దాదాపు సమానం. పదిమంది పిల్లలు కలిసి ముగ్గురు పెద్దవాళ్ళ పని చేస్తే, ఒక్కో పిల్లవాడు పెద్దవాడి పనిలో ఎంత చేసినట్టు? పదిలో మూడు వంతులు, 0.3. అలాగే ఒక్క రెండు, పది చేసే పనిలో 0.3 వంతు చేస్తుంది. log₁₀ 2 దాదాపు 0.3 అనడానికి అర్థం ఇదే. పదిని 0.3 సార్లు గుణించడమనే వింత పని ఎవరూ చెయ్యలేదు. రెండ్లను పదిసార్లు గుణించి, మూడు పదులతో పోల్చి, పంచుకున్నాం.

1024 వెయ్యి కంటే కొంచెం ఎక్కువ గనక అసలు విలువ 0.3 కంటే కొంచెం ఎక్కువ. ఎంత ఎక్కువ? మరిన్ని రెండ్లను గుణిస్తే తెలుస్తుంది. వంద రెండ్లు గుణించాలంటే వందసార్లు గుణించక్కర్లేదు, వర్గాలు చేసుకుంటూ పోతే చాలు. పైగా మనకు కావలసింది అంకెల సంఖ్యే కాబట్టి మొదటి ఐదంకెలు ఉంచుకుని మిగతావి వదిలేద్దాం.

2¹⁰ = 1.024 × 10³
2²⁰ ≈ 1.0486 × 10⁶
2⁴⁰ ≈ 1.0995 × 10¹²
2⁸⁰ ≈ 1.2089 × 10²⁴

ప్రతి వరుసా పై వరుసకు వర్గం. 1.024ని 1.024తో గుణిస్తే 1.0486 వచ్చింది, 10³ని 10³తో గుణిస్తే 10⁶ వచ్చింది. చివరి వరుసనీ రెండో వరుసనీ గుణిస్తే 80 + 20, వంద రెండ్లు: 2¹⁰⁰ ≈ 1.2677 × 10³⁰. అంటే 31 అంకెల సంఖ్య. అది 10³⁰ కంటే పెద్దది, 10³¹ కంటే చిన్నది. వంద రెండ్లు కలిసి 30 పదుల కంటే ఎక్కువ పని, 31 పదుల కంటే తక్కువ పని చేశాయి. కాబట్టి ఒక్క రెండు వాటా 0.30కీ 0.31కీ మధ్య ఉంది.

ఇలాగే ఇంకా పైకి పోదాం. 2²⁰⁰ ≈ 1.607 × 10⁶⁰, 2⁴⁰⁰ ≈ 2.582 × 10¹²⁰, 2⁸⁰⁰ ≈ 6.668 × 10²⁴⁰. చివరి దాన్ని 2²⁰⁰తో గుణిస్తే 6.668 × 1.607, అంటే 10.715 వస్తుంది. అది పది దాటింది గనక ఒక పది పక్కకు ఇచ్చేస్తే 2¹⁰⁰⁰ ≈ 1.0715 × 10³⁰¹. 302 అంకెలు. వాటా 0.301కీ 0.302కీ మధ్య. ఇంకో మెట్టు ఎక్కితే 2¹⁰⁰⁰⁰కి 3011 అంకెలు వస్తాయి, వాటా 0.3010కీ 0.3011కీ మధ్య. ఒక్కో సున్నా కలిపినప్పుడల్లా ఒక్కో దశాంశ స్థానం తేలుతోంది. పుస్తకంలో ఉన్న 0.3010 ఇదే. ఇంకా ముందుకు పోతే 0.301029995... అని సాగుతుంది, ఎక్కడా ఆగదు, ఆవృతం కాదు. ఎందుకు ఆగదో కూడా సులువే. ఎక్కడో ఒక చోట ఆగిందంటే కొన్ని రెండ్ల లబ్ధం కచ్చితంగా కొన్ని పదుల లబ్ధానికి సమానమైందన్న మాట. పదుల లబ్ధం సున్నాతో ముగుస్తుంది. రెండ్ల లబ్ధం 2, 4, 8, 6 అని తిరుగుతూనే ఉంటుంది, దాని చివర సున్నా ఎప్పటికీ రాదు.

ఒక్క సంఖ్యకి లాగ్ తెలిస్తే మిగతావి దాని చుట్టూ అల్లుకోవచ్చు. దానికి కావలసిన సూత్రం ఒక్కటే, అది నువ్వు ఇప్పటికే వాడేశావు. పైన 10³ని 10³తో గుణించినప్పుడు ఘాతాంకాలు కలిశాయి. లాగ్ అంటే ఘాతాంకమే కాబట్టి సంఖ్యలు గుణించుకుంటే లాగ్‌లు కూడుకుంటాయి. log(a × b) = log a + log b. "లాగ్ సూత్రాలు" అని ఎర్ర సిరాతో డబ్బా గీసుకుని బట్టీ పట్టేవాటిలో ఇదే పెద్దది. మిగతావి దీని పిల్లలు. భాగిస్తే తీసివేత, అదే సంఖ్యను n సార్లు గుణిస్తే n రెట్లు. నన్నడిగితే ఆ డబ్బాలో ఒక్క వరుస చాలు.

4 అంటే 2 × 2, కాబట్టి పది ఆధారంగా log 4 = 0.6020. ఇంకో రెండు కలిపితే log 8 = 0.9030. ఐదు ఎలా? 5 = 10 ÷ 2, పదికి లాగ్ 1, కాబట్టి 1 − 0.3010 = 0.6990. మూడుకి మాత్రం ఈ దారి లేదు. రెండ్లనీ పదులనీ ఎన్ని విధాల గుణించినా, భాగించినా మూడు రాదు. దాన్ని రెండు వైపుల నుంచీ నొక్కి పట్టుకోవాలి. నాలుగు మూళ్ళ లబ్ధం 81. అది 80 కంటే కాస్త పెద్దది. 80 అంటే 8 × 10, లాగ్ 1.9030. దాన్ని నాలుగుతో భాగిస్తే 0.4757. log 3 దీనికంటే కాస్త ఎక్కువ. మరో వైపు, తొమ్మిది మూళ్ళ లబ్ధం 19683. అది 20000 కంటే కాస్త చిన్నది. 20000కి లాగ్ 4.3010, తొమ్మిదో వంతు 0.4779. log 3 దీనికంటే కాస్త తక్కువ. అసలు విలువ 0.4771, మన రెండు గీతల మధ్యే ఉంది. ఆరుకి లాగ్ కావాలంటే రెండుదీ మూడుదీ కలుపు: 0.7781. ఏడుని నీకే వదిలేస్తున్నాను. 2401 అంటే నాలుగు ఏడుల లబ్ధమని, 2400 అంటే 3 × 8 × 100 అని గుర్తుంచుకుంటే చాలు, పెన్సిలు నాలుగు వరుసల కంటే ఎక్కువ నడవదు.

ఈ కొద్ది విలువలు చేతిలో ఉంటే, పరీక్షల్లో తరచూ జరిగే తప్పుల్ని నువ్వే పట్టుకోవచ్చు. అన్నిటికంటే మామూలు తప్పు log(2 + 3)ని log 2 + log 3 అని రాయడం. కూడికని పరీక్షించు: 0.3010 + 0.4771 = 0.7781. అది ఐదుకి లాగా, ఆరుకి లాగా? ఆరుకి. ఐదుకి 0.6990. లాగ్‌లు కూడినప్పుడు లోపల సంఖ్యలు గుణించుకున్నాయని విలువలే చెబుతున్నాయి. లోపల కూడిక ఉంటే లాగ్ దాన్ని విడదీయలేదు, దానికి సూత్రం లేదు. ఇంకో తప్పు, log 8 ÷ log 2కీ log(8 ÷ 2)కీ తేడా చూడకపోవడం. మొదటిది 0.9030 ÷ 0.3010, సరిగ్గా 3. అంటే ఎన్ని రెండ్లను గుణిస్తే ఎనిమిది అన్న మన పాత ప్రశ్నకే జవాబు. రెండోది log 4, అంటే 0.6020. రూపం దగ్గర దగ్గరగా ఉన్నా ఒకటి మూడు, మరొకటి ఒకటి కూడా కాదు.

మొదటి దాన్ని ఇంకాస్త వాడుకుందాం. ఇందాక log₂ 20 నాలుగుకీ ఐదుకీ మధ్య ఉందని చెప్పి వదిలేశాం. ఇరవై పది లెక్కలో 1.3010 పని చేస్తుంది, ఒక్కో రెండు 0.3010 చేస్తుంది. ఇరవై పనికి ఎన్ని రెండ్లు కావాలి? 1.3010 ÷ 0.3010, దాదాపు 4.32. ఆధారం మార్చే సూత్రమని పుస్తకంలో భయపెట్టేది ఈ భాగహారమే.

ఇక్కడ చరిత్రలోంచి ఒక విచిత్రం చెప్పాలి. లాగరిథమ్‌లను ప్రపంచానికి అచ్చు పుస్తకంలో ఇచ్చినవాడు స్కాట్లండ్‌కు చెందిన జాన్ నేపియర్, 1614లో. ఆయన వాటిని ఘాతాలను వెనక్కి తిప్పి కనిపెట్టలేదు. 2³ అని చిన్న అంకెను పైన పెట్టి రాసే పద్ధతి అప్పటికి వాడుకలోకే రాలేదు. ఆయన రెండు గీతల మీద కదిలే రెండు బిందువులను ఊహించుకున్నాడు. ఒకటి సమవేగంతో పోతుంది. రెండోది గమ్యానికి ఎంత దూరం మిగిలి ఉంటే అంత వేగంతో పోతుంది, దగ్గరయ్యేకొద్దీ నెమ్మదిస్తుంది. ఆ రెంటినీ పోల్చి పట్టికలు కట్టాడు. ఆయన లెక్కలో సున్నా లాగ్ ఉన్నది ఒకటికి కాదు, కోటికి. అందువల్ల సంఖ్యలు గుణిస్తే లాగ్‌లు కూడుకుంటాయన్న మన సూత్రం కూడా నేరుగా పనిచేసేది కాదు, ఒక సవరణ తోడు కావాల్సి వచ్చేది.

ఆ పుస్తకం చదివి ముచ్చటపడిన హెన్రీ బ్రిగ్స్ అనే లండన్ ఆచార్యుడు 1615లో ఎడిన్‌బరా దాకా వెళ్ళి నేపియర్‌ని కలిశాడు. ఒకటికి లాగ్ సున్నా, పదికి లాగ్ ఒకటి అయితే బాగుంటుందని ఇద్దరూ అనుకున్నారు. నేపియర్ 1617లో చనిపోయాడు, పట్టికల చాకిరీ బ్రిగ్స్ మీద పడింది. ఆయన పదికి వర్గమూలం, దానికి మళ్ళీ వర్గమూలం, అలా 54 సార్లు తీశాడు, చేత్తోనే. 1624లో అచ్చయిన ఆయన పట్టికలో ఒకటి నుంచి 20,000 వరకూ, 90,000 నుంచి లక్ష వరకూ ఉన్న సంఖ్యలకు 14 దశాంశ స్థానాల దాకా లాగ్‌లు ఉన్నాయి. మధ్యలో మిగిలిన ఖాళీని డచ్చివాడైన వ్లాక్ 1628లో పది స్థానాల పట్టికతో పూరించాడు. లాగ్ అంటే ఘాతాంకమేనని, ఘాతానికి తిరుగు పని అని పాఠంలా వివరించింది ఆయిలర్, 1748 నాటి పుస్తకంలో. అంటే నీకు మొదటి రోజున చెప్పే నిర్వచనం, లాగ్ పట్టికలు వాడుతున్నవాళ్ళకి నూరేళ్ళు దాటాక గానీ చేరలేదు. నేపియర్ దారికంటే నీ దారే సులువు.

ఇక పదో తరగతి పుస్తకాల్లో కనిపించే తరహా లెక్క ఒకటి చేద్దాం. log 2 = 0.3010 అయితే 4²⁰¹³లో ఎన్ని అంకెలుంటాయి? 4 అంటే రెండు రెండ్లు, కాబట్టి ఇది 4026 రెండ్ల లబ్ధం. ఒక్కో రెండు వాటా 0.3010. మొత్తం 4026 × 0.3010 = 1211.826. లాక్షణికం 1211, కాబట్టి అంకెలు 1212. జవాబు సరైనదే, పూర్తి మార్కులు పడతాయి.

లాగ్‌తో అంకెల సంఖ్యే కాదు, మొదటి అంకె కూడా తెలుస్తుంది. మాంటిస్సా 0.826. log 6 = 0.7781, log 7 = 0.8451. మనది ఈ రెంటి మధ్య ఉంది, కాబట్టి ఆ 1212 అంకెల సంఖ్య 6తో మొదలవ్వాలి. కానీ అది 6తో మొదలవ్వదు, 8తో మొదలవుతుంది.

లెక్క ఎక్కడా తప్పలేదు, సూత్రమూ తప్పలేదు. 0.3010 అన్నది నాలుగు స్థానాలకు సవరించిన విలువ. అందులో 0.00005 దాకా తేడా దాగి ఉండొచ్చు. చూడ్డానికి అది ఎంత? కానీ మనం దాన్ని 4026తో గుణించాం. తేడా కూడా 4026 రెట్లయింది, 0.2 దాటింది. అంటే 1211.826 అని మనం రాసిన జవాబు నిజానికి 1211.62కీ 1212.03కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మొదటి అంకె సంగతి అలా ఉంచు, ఆ పై కొస నిజమైతే అంకెలు 1213 అయ్యేవి. ఇచ్చిన 0.3010 ఒక్కదాన్నే నమ్ముకుంటే 1212 అన్న జవాబుకీ పూర్తి హామీ లేదు. పుస్తకంలో జవాబు సరిపోయిందంటే అందులో కాస్త అదృష్టమూ ఉంది.

ఆరు స్థానాలు తీసుకో: 0.301030. ఇప్పుడు 4026 × 0.301030 = 1211.9468. తేడా మహా ఉంటే 0.002. మాంటిస్సా 0.9448కీ 0.9488కీ మధ్య. log 8 = 0.9030, log 9 = 0.9542, కాబట్టి మొదటి అంకె 8. ఇక సందేహం లేదు. లాగ్‌తో పెద్ద ఘాతాన్ని లెక్కించినప్పుడు చూడవలసింది ఈ ఒక్క గుణకారం: టేబుల్ చివరి స్థానంలో సగం, ఇంటూ ఘాతాంకం. అది జవాబులో ఏ అంకెను తాకుతుందో అక్కడి నుంచి ఇక నమ్మకూడదు. అదే నాలుగు స్థానాల విలువతో లక్ష రెండ్ల లబ్ధానికి లెక్క వేస్తే 30101 అంకెలని వస్తుంది, నిజానికి అవి 30103.

3¹⁰⁰ని నువ్వు చెయ్యి. log 3 = 0.4771 తీసుకుని, ఎన్ని అంకెలో, మొదటి అంకె ఏదో, ఆ జవాబును నమ్మొచ్చో లేదో మూడూ రాయి. 48 అంకెలు, మొదటిది 5, తేడా 0.005 దాటదు గనక నమ్మొచ్చు అని నీకు వస్తే సరిగ్గా చేసినట్టే.